పాత పేరునే వెతికిన బటన్

సిద్దిరాములుకు నెట్టు పని కన్నా ముందు సాంచాల పని వచ్చు. వేములవాడలో పద్మశాలీల వాడలో పుట్టినవాడికి ఆ పని ఒకరు నేర్పాలా? మరమగ్గాలను ఆ వైపు సాంచాలంటారు. వాటి దడదడ వింటూనే నిద్రపోయాడు, వింటూనే లేచాడు. పెరిగి పెద్దవాడయ్యాక ఆ కూలితో ఇల్లు గడవక ఒక కేబులాయన దగ్గర లైన్‌మన్‌గా చేరాడు. నిచ్చెన బండికి కట్టుకుని వాడవాడా తిరిగి తీగ లాగడం, ఇళ్లల్లో వైఫై డబ్బా బిగించడం, ఆగిపోతే పోయి చూడటం, ఇదీ అతని బతుకు. మనిషి నిదానస్తుడు. పని చెడగొట్టాడని ఒక్కరూ అనలేదు. ఆ ఒక్క ఇంట్లో తప్ప అనాలి. కానీ ఆ ఇంట్లో వాళ్లు కూడా అనలేదు, అదే అతని ఖర్మ.

ఆ ఇల్లు అక్కది. చంద్రవ్వ అతని తోడబుట్టిన అక్క. తల్లి తొందరగా పోతే, ఒక చేత్తో సాంచాలకు నూలు కండెలు చుడుతూ ఇంకో చంకన తమ్ముణ్ణి పెట్టుకుని సాకింది. ఆమెను పక్క వాడలోని హనుమండ్లుకిచ్చారు. హనుమండ్లుకు ఇంటి వెనక సొంత షెడ్డు, అందులో సొంత సాంచాలు ఉన్నాయి. సొంతం అంటే సేటులా కూర్చుంటాడని కాదు. పొద్దున లేస్తే తనే నడపాలి, తెగిన పోగు తనే అతకాలి. ఒక్కగానొక్క బిడ్డ పద్మలత. డిగ్రీ అయింది, ఉద్యోగం వెతుక్కుంటోంది.

చంద్రవ్వకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. చూపు, తెలివి, ఎడమ చెయ్యి మాత్రం మిగిలాయి. అన్నిటికంటే పెద్ద గండం గొంతుది. మింగుడు సరిగ్గా పడదు. ఉన్నట్టుండి కఫం అడ్డం పడుతుంది. ఎవరో ఒకరు వెంటనే పక్కకు తిప్పి వీపు తట్టి, నోరు తుడవాలి. తడితే సర్దుకుంటుంది. తట్టే మనిషి రాకపోతే ప్రాణం పోతుంది. డాక్టరు ఆ మాట దాచకుండా చెప్పాడు.

మంచంలో ఉన్న మనిషి అరవలేదు. అరిచినా వెనక షెడ్డులో సాంచాలు నడుస్తుంటే పిడుగు పడ్డా వినపడదు. కరెంటు పోతే ఆ ఇంట్లో ఫికర్ ఉండేది కాదు. సాంచాలు ఆగిపోతాయి, ముందు గదిలో ఆమె గురక కూడా షెడ్డు దాకా వినిపిస్తుంది. కరెంటు ఉన్నప్పుడే భయం. పద్మలత ఎంతసేపని తల్లి మంచం పట్టుకుని కూర్చుంటుంది?

అప్పుడు ఉపాయం చెప్పింది సిద్దిరాములే. వైఫైతో నడిచే బటన్ ఒకటి, ప్లగ్గు ఒకటి తెప్పించాడు. ప్లగ్గును షెడ్డులో పెట్టి దానికి ఎర్ర బల్బు తగిలించాడు. బటన్ అక్క ఎడమ అరచేతిలోకి వచ్చి బొటనవేలికి అందేలా మణికట్టుకు నాడాతో కట్టాడు. ఇక్కడ నొక్కితే అక్కడ ఎర్ర బల్బు వెలగాలి. వినపడకపోతేనేం, కనపడుతుంది కదా!

అది మొదట కుదరలేదు. ముందు గదిలోని వైఫై డబ్బాలో రెండు దారులున్నాయి. టూ పాయింట్ ఫోర్ అనేది నిదానంగా పోతుంది, కానీ గోడలు దాటి దూరం పోతుంది. ఫైవ్ అనేది పరుగు పెడుతుంది, రెండు గోడలు అడ్డం వస్తే చాలు, నీరసపడుతుంది. ఈ రెండింటికీ కలిపి ఒకటే పేరు, ‘పద్మలత’ అని. ఎవరిని ఏ దారిన పంపాలో డబ్బానే చూసుకుంటుంది. ఆ బటన్‌కు, ప్లగ్గుకు టూ పాయింట్ ఫోర్ ఒక్కటే తెలుసు. సిద్దిరాములు ఫోనేమో ఫైవ్ మీద కూర్చుంది. ఫోన్‌లో ఎంత వెతికినా బటన్ దొరకలేదని వచ్చింది. చివరికి ఫైవ్‌ను కాసేపు బంద్ చేసి, రెండింటినీ ‘పద్మలత’లో కలిపి, మళ్లీ ఫైవ్‌ను చాలు చేశాడు. ఆ తరువాత ఏ పేచీ లేదు. తమ పేరు తమకు తెలుసు, తమ దారి తమకు తెలుసు.

చంద్రవ్వ మొదటిసారి బటన్ నొక్కి, షెడ్డులోంచి హనుమండ్లు తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ ఉరికి రావడం చూసి నవ్వింది. మూతి ఒక వైపే నవ్వింది. ఆ నవ్వు కోసమే ఆ రోజంతా అయిదారుసార్లు నొక్కింది.

“ఏందే, నన్ను సాంచ నడుపనియ్యవా?” అని హనుమండ్లు ఉత్తుత్తి కోపం చూపించాడు.

“నొక్కనియ్ బావా. ఇన్నొద్దులు పిలుస్తే పలికెటోడు లేకపాయె” అన్నాడు సిద్దిరాములు.

ఆ బటన్ చాలాసార్లు ఆమె ప్రాణం నిలబెట్టింది. ఎర్ర బల్బు వెలగగానే సాంచ ఆపకుండానే ఉరికొచ్చేవాడు హనుమండ్లు. వాడలో వాళ్లు వచ్చి ఆ బల్బును చూసిపోయేవాళ్లు. “బామ్మర్దంటే సిద్దిరాములే” అని చెప్పుకునేవాళ్లు.

ఇట్లా ఉండగా పద్మలతకు హైదరాబాద్ కంపెనీ ఒకటి ఇంటర్వ్యూకు పిలిచింది. లాప్‌టాప్‌లోనే ఇంటర్వ్యూ, కుదిరితే ఇంటినుంచే ఉద్యోగం. తల్లిని వదిలి పోనక్కర్లేదు, జీతం వస్తుంది. ఆ ఇంటికి అంతకంటే ఏం కావాలి? అయితే అంతకు ముందు జరిగిన ఇంటర్వ్యూ మధ్యలోనే ఆగిపోయింది. బొమ్మ గడ్డకట్టుకుపోవడం, మాట ముక్కలైపోవడం. అటువైపువాళ్లు కాసేపు చూసి, ఇక చాలమ్మా అన్నారు. పిల్ల రెండు రోజులు అన్నం తినలేదు.

“మామా, రేపు గట్లయితే నేను సస్త. జర నువ్వొచ్చి చూడు” అని ఫోన్ చేసింది.

సాయంత్రం పని చూసుకుని వచ్చాడు. పద్మలత గది నడిమింటి అవతల ఉంది, మధ్యలో రెండు మందపు గోడలు, ఒక ఇనుప బీరువా. లాప్‌టాప్ పెట్టి కాసేపు చూశాడు. జబ్బు వెంటనే దొరికింది.

“డబ్బా తప్పు కాదు బిడ్డా, పేరు ఒకటే ఉండుడు తప్పు” అన్నాడు. “నీ లాప్‌టాప్‌కు రెండు దార్లూ తెలుసు. డబ్బా ఏం జేస్తది? ఫైవ్ మంచిదని దాన్ని అటు తోస్తది. ఈడ ఫైవ్ ఆనుతలేదు, గోడల్ల సచ్చిపోతుంది. లాప్‌టాప్ తట్టుకోలేక మళ్ల టూ పాయింట్ ఫోర్‌కు దిగొస్తది. జరసేపటికి డబ్బా మళ్ల తోస్తది. ఎక్కుడు, దిగుడు. ఎక్కినప్పుడు ఓసారి, దిగినప్పుడు ఓసారి నీ బొమ్మ కట్ అయితది.”

“మరెట్ల మామా?”

“రెంటికీ వేరే వేరే పేర్లు పెడ్త. నువ్వు టూ పాయింట్ ఫోర్‌లనే ఉండు. నిన్ను ఎవ్వలూ అటూ ఇటూ తొయ్యరు. నిదానమే, గని నీ ఇంటర్వ్యూకు అది సాలు.”

అందులో ఒక్క మాట తప్పు లేదు. ఎక్కడపడితే అక్కడ పేర్లు విడగొట్టే మనిషి కూడా కాదతను. ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగేవాళ్లుంటే ఒకటే పేరు ఉంచడం మేలని పదిమందికీ అతనే చెప్పేవాడు. గది మారినప్పుడల్లా పేరు మార్చుకునే ఓపిక ఎవరికుంటుంది? కదలకుండా ఒకే మూలన, సిగ్నలు అందీ అందని చోట కూర్చున్న వస్తువుకే వేరు పేరు పనికొస్తుంది. పద్మలత గది సరిగ్గా అలాంటిదే.

తప్పు మందులో లేదు, మందు వేసిన పద్ధతిలో ఉంది. పేర్లు విడగొట్టినప్పుడు సిద్దిరాములుకు ఒక అలవాటుండేది. పాత పేరును ఏ దారికీ ఉంచేవాడు కాదు. ఉంచితే అందరి ఫోన్లూ అలవాటుగా దాన్నే పట్టుకుని వేలాడతాయి. కొత్త పేరును ఎవరూ ముట్టరు, మర్నాడు ఫోన్ చేసి “ఏం మారలేదయ్యా, ఏం పెట్టినవ్?” అని తిడతారు. అందుకని రెండింటికీ కొత్త పేర్లే పెట్టి, ఇంట్లో ఉన్న ఒక్కొక్క ఫోన్‌నూ దగ్గరుండి కలిపి పోయేవాడు. ఎన్ని ఇళ్లల్లో చేశాడో! ఎక్కడా చెడలేదు. ఎందుకు చెడుతుంది? ఆ ఇళ్లల్లో ఉండేవి ఫోన్లూ టీవీలూ. పేరు దొరక్కపోతే ఫోన్ పట్టుకున్నవాడు గోల చేస్తాడు.

‘పద్మలత’ పోయింది. ‘పద్మలత టూ’, ‘పద్మలత ఫైవ్’ వచ్చాయి. లాప్‌టాప్‌ను టూలో కలిపాడు. పద్మలత ఫోన్, హనుమండ్లు ఫోన్, టీవీ కలిపాడు.

“ఇంకేమన్న ఉన్నయా బిడ్డా?”

“అంతే మామా.”

వీడియో పెట్టి చూశారు. నీళ్లలా సాగిపోయింది. పిల్ల మొహంలో వెలుగు చూసి సిద్దిరాములు కడుపు నిండింది. ముందు గదిలోకి వచ్చి అక్క మంచం అంచున కూర్చుని టీ తాగాడు. ఆమె ఎడమ చెయ్యి ఎత్తి అతని తల మీద పెట్టింది. ఆ చేతికే బటన్ కట్టి ఉంది. అది అతని నుదుటికి తగిలింది కూడా. అయ్యో మనిషీ! ఆ చేతిలో ఉన్నది ఏ పేరుతో బతుకుతుందో నీకు కాక ఇంకెవరికి తెలుసు? తట్టలేదు. బటన్, ప్లగ్గు రెండూ పని చేస్తున్నంత కాలం అవి వైఫైవని అతనే మరిచిపోయాడు. అక్క చేతికి గాజులెట్లనో అదీ అట్లే అయిపోయింది.

మర్నాడు పొద్దున పద్మలత తల్లికి మొహం కడిగి, జావ తాగించి, తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టింది. రాత్రి నుంచీ తనే పక్కనుంది, కాబట్టి ఆమెకు బటన్‌తో పని పడలేదు. షెడ్డు గుమ్మంలో నిలబడి తండ్రికి గట్టిగా అరిచి చెప్పింది.

“బాపూ, ఒక్క గంట. తలుపేసుకుంట, చెవులకు పెట్టుకుంట. నాకేం ఇనరాదు. ఆ బల్బు మీద కన్నేసి ఉంచు.”

“నువ్వు పో బిడ్డా. నేను సూస్తగ” అన్నాడు హనుమండ్లు.

చూశాడు కూడా. పోగు తెగితే వంగి అతకడం, తల ఎత్తి బల్బు చూడటం. మళ్లీ వంగడం, మళ్లీ చూడటం. బల్బు వెలగలేదు.

గంట దాటాక పద్మలత తలుపు తీసుకుని నవ్వుతూ బయటికొచ్చింది. ఒక్కసారి కూడా నెట్టు ఆగలేదు, బాగా చెప్పింది, వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తామన్నారు. తల్లికి చెబుదామని ముందు గదిలోకి పరుగెత్తింది.

చంద్రవ్వ తల పక్కకు వాలి ఉంది. పెదవులు నల్లబడ్డాయి. దుప్పటి కాళ్ల దగ్గర కుప్పై ఉంది. ఎడమ చెయ్యి కడుపు మీదికి వంగి, బొటనవేలు బటన్ మీద బిగుసుకుని ఉంది.

వార్త అందేసరికి సిద్దిరాములు స్తంభం మీద ఉన్నాడు. ఎలా దిగాడో, బండి ఎలా నడిపాడో అతనికి గుర్తు లేదు. దవాఖానకు తీసుకుపోయారు, అక్కడ చెయ్యి పట్టుకుని చూసి పెదవి విరిచారు. సాయంత్రానికి కాలబెట్టి వచ్చారు. ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు, ఓదార్చేవాళ్లు “పుణ్యాత్మురాలు, ఎక్కువ గోస పడకుండ పోయింది” అంటున్నారు. గోస పడకుండా పోయిందట! ఆ వేలు చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు.

మూడొద్దుల నాడు, పోయినామె పేరున పిట్టకు ముద్ద పెట్టి వచ్చారు. ఆడవాళ్లు వంట దగ్గర ఉన్నారు. సిద్దిరాములు ముందు గదిలో ఖాళీ మంచం ఎదుట కూర్చుని ఉన్నాడు. దండెం మీద నాడాతో సహా బటన్ వేలాడుతోంది. ఊరికే, చెయ్యి ఊరుకోక, దాన్ని తీసి నొక్కాడు. బటన్ అంచున చిన్న లైటు ఎర్రగా టకటకా మిణుకుమిణుకుమని ఆరిపోయింది. ఆ మిణుకు అర్థం అతనికి తెలుసు. తనకు చెప్పిన పేరు ఎక్కడా దొరకలేదని అర్థం.

అప్పుడు తట్టింది. ఫోన్ తీసి వైఫై డబ్బా సెట్టింగుల పేజీ తెరిచాడు. ఎవరెవరు కలిసి ఉన్నారో చూశాడు. ఫోన్లున్నాయి, లాప్‌టాప్ ఉంది, టీవీ ఉంది. బటన్ లేదు, ప్లగ్గు లేదు. లేని పేరును వెతుక్కుంటూ అవి అక్కడే కూర్చున్నాయి. పాత పేరును టూ పాయింట్ ఫోర్‌కు ఉంచి, కొత్త పేరు ఫైవ్ ఒక్కదానికే పెట్టి ఉంటే? ఏమీ తెలిసేది కాదు వాటికి. వాటి పేరు వాటికుండేది. పద్మలత పనీ అయ్యేది, అక్కా బతికేది.

అనుమానం పూర్తిగా తీరాలనుకున్నాడో, తప్పు దిద్దుకుంటే అక్క లేచి వస్తుందనుకున్నాడో, అతనికే తెలియదు. టూ పాయింట్ ఫోర్‌కు మళ్లీ ‘పద్మలత’ అని పాత పేరే పెట్టాడు. కొంతసేపటికి ప్లగ్గు తనంతట తానే వచ్చి కలిసింది.

అంతలో హనుమండ్లు లోపలికి వచ్చాడు. గుండు చేయించుకున్న తల, లోపలికి పోయిన కళ్లు. బామ్మర్ది చేతిలోంచి బటన్ తీసుకున్నాడు.

“నేను సూస్తనే ఉన్న బామ్మర్ది. అది ఎలగలే. ఒట్టు, ఎలగలే. ఖరాబైందా ఏంది?” అంటూ నొక్కాడు. నొక్కి షెడ్డులోకి నడిచాడు. పద్మలత కూడా వెనకాలే పోయింది.

సాంచాలు ఆపి ఉన్నాయి. మసక చీకట్లో ఎర్ర బల్బు భగ్గున వెలుగుతోంది.

హనుమండ్లు దాన్ని చూస్తూ అక్కడే నేల మీద కూలబడ్డాడు. “ఎలిగింది. అప్పుడూ ఎలిగే ఉంటది. పోగు అతుక్కుంట నేనే సూడలే. నేనే సంపిన దాన్ని!” అని నెత్తి కొట్టుకున్నాడు.

“ఒక్క గంట, బాపూ. ఒక్క గంట చూడుమంటే చూడకపోతివి” అంది పద్మలత. ఏడవలేదు. ఆ ఒక్క మాట అని లోపలికి పోయింది.

సిద్దిరాములు గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. నోరు తెరిస్తే మాట వచ్చేదే. తెరవలేదు. పిరికితనమే, ఇంకో పేరెందుకు? చేసిన తప్పు ఒకటి. తెలిసీ ఆ బటన్‌ను ఆ చేతికిచ్చి, బావ నెత్తిన దోషం పెట్టింది రెండోది. మొదటిది మరుపు, రెండోదాన్ని ఏమంటారు?

పెద్దకర్మ అయిపోయింది. ఇంటి లోపల తండ్రీ బిడ్డల మధ్య మాట లేదు. పద్మలత అన్నం వడ్డించి కంచం పెట్టి వెళ్లిపోతుందట, బావ తింటే తింటాడు, లేకపోతే లేదు. వాడంతా తెలిసింది. “గంట సేపు పెండ్లాన్ని చూడలేకపాయె” అని నీళ్ల నల్లా దగ్గర చెప్పుకుంటున్నారు. ఆ మాట సిద్దిరాములు చెవిన పడ్డ రోజు ఇక ఉండలేకపోయాడు. నిచ్చెన ఎక్కడో వదిలేసి సరాసరి షెడ్డుకు పోయాడు.

హనుమండ్లు ఒక్క సాంచనే నడుపుతున్నాడు. నడపడం ఎక్కడ, కళ్లు బల్బు మీదే ఉన్నాయి. పోగులు తెగి గుడ్డ మీద సందులు పడుతున్నా చూడటం లేదు. సిద్దిరాములే పోయి సాంచ ఆపాడు. షెడ్డు నిశ్శబ్దమైపోయింది.

“బావా, నువ్వు సూసినవ్. అది ఎలగలే. నువ్వు తప్పు జెయ్యలే. నేను జేసిన.”

మొత్తం చెప్పాడు. పేర్లు విడగొట్టడం, పాత పేరు తీసేయడం, బటన్‌ను మరవడం, మూడొద్దుల నాడు పాత పేరు మళ్లీ పెట్టడం, అందుకే బల్బు వెలగడం. చెబుతున్నంత సేపూ ఏడుస్తూనే ఉన్నాడు. బావ కొడితే బాగుండునని మెడ వంచుకుని నిలబడ్డాడు.

హనుమండ్లు కొట్టలేదు. కూర్చుని తెగిన పోగులను ఏరసాగాడు.

“పేర్లు ఎందుకు మార్చినవ్?” అని అడిగాడు.

“పద్మ ఇంటర్వ్యూ కోసం బావా. నెట్టు కట్ కావద్దని.”

“పద్మనే పిలిచిందా నిన్ను?”

“ఆఁ.”

హనుమండ్లు లేచి షెడ్డు తలుపు దగ్గరకు వేశాడు. గొంతు తగ్గించాడు.

“దానికి చెప్పకు.”

“బావా, నిన్ను అందరూ...”

“అననియ్. దాని నౌకరి కోసం, దాని మాట మీద జేసిన పనికి తల్లి పోయిందని తెలిస్తే అది బతుకుతదా? నా మీద కోపం ఉంటే ఉండనియ్. కోపంతోని మనిషి బతుకుతడు. నువ్వు నీ బరువు దించుకున్నవ్, మంచిది. ఇగ ఈ మాట మల్ల ఎత్తకు. నీకు చంద్రి మీద ఆన.”

అని సాంచ మళ్లీ చాలు చేశాడు. ఆ దడదడలో ఇక మాటకు చోటు లేదు.

సిద్దిరాములు ఇంట్లోంచి బయటికి పోబోతుంటే పద్మలత ఎదురొచ్చి ఆపింది. చేతిలో టీ గ్లాసు ఉంది. ఒక్క గ్లాసే. కూర్చోబెట్టి చేతికిచ్చింది.

“నౌకరి వచ్చింది మామా. ఎల్లుండి నుంచి చెయ్యాలె. అవ్వ ఉంటే...” అని మాట మార్చింది. “అవ్వ కోసం అంత కష్టపడి బటన్ పెట్టిచ్చినవ్. నా కోసం నెట్టు మంచిగ జేసినవ్. నీ వంతు నువ్వు చేసినవ్ మామా. కండ్ల ముంగట ఎలిగిన దీపాన్ని సూడనోడు ఈయన. నువ్వైనా అడుగు, ఎట్ల సూడలే అని.”

షెడ్డులోంచి సాంచ చప్పుడు వస్తూనే ఉంది. సిద్దిరాములు తల ఎత్తలేదు.

“అడుగుత బిడ్డా” అన్నాడు, అని ఆ టీ తాగాడు.